ప్రచురిత పత్రాల పట్టికల నుంచి స్ప్రెడ్‌షీట్‌లోకి: కొండ ప్రాంత రాగి ప్రయోగాల మెటా విశ్లేషణలో అంకెల సేకరణ, సరిచూసే పద్ధతి

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో రాగి పంటకు ఎంత ఎరువు వేస్తే ఎంత దిగుబడి అదనంగా వస్తుందన్న ప్రశ్నకు ఏ ఒక్క ప్రయోగమూ పూర్తి సమాధానం ఇవ్వదు. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం, సరిహద్దుకు ఆవల ఒడిశాలోని సెమిలిగూడ, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ కేంద్రాల వంటి చోట్ల వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి, ఒక్కొక్క ప్రయోగానికి దాని కచ్చితత్వాన్ని బట్టి తూకం ఇచ్చి లెక్కించే పద్ధతిని మెటా విశ్లేషణ అంటారు. ఈ ఫలితాలు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలో ఉన్న పరిశోధన పత్రాల పట్టికల్లోనే దొరుకుతాయి. మూల క్షేత్ర పుస్తకాలు అందుబాటులో ఉండడం అరుదు. కాబట్టి విశ్లేషణ మొత్తం పట్టికల నుంచి స్ప్రెడ్‌షీట్‌లోకి అంకెలను ఎత్తిరాయడం మీదనే ఆధారపడుతుంది.

ఎత్తిరాతలో తప్పులు అరుదని భావించడం పొరపాటు. 2007లో డెన్మార్క్ పరిశోధకులు వైద్యరంగంలో ప్రచురితమైన 27 మెటా విశ్లేషణలను తీసుకుని, ఒక్కొక్క దానిలో రెండేసి ప్రయోగాల అంకెలను మూల పత్రాలతో తిరిగి పోల్చారు. 17 విశ్లేషణల్లో కనీసం ఒక ప్రయోగం అంకెల్లో దోషం బయటపడింది. వైద్యంలో ఒకే ప్రశ్న మీద పదులకొద్దీ ప్రయోగాలు ఉండవచ్చు. తూర్పు కనుమల ఎత్తైన గిరిజన మండలం వంటి చిన్న ప్రాంతానికి పనికివచ్చే పత్రాలు తక్కువ కాబట్టి ఒక్క తప్పు అంకె సిఫారసునే పక్కకు లాగగలదు.

ఉదాహరణ పట్టిక

పద్ధతిని వివరించడానికి ఈ కింది పట్టికను ఆధారంగా తీసుకుందాం. ఇందులోని అంకెలు అభ్యాసం కోసం కూర్చినవి. ఏ పరిశోధనా స్థానం ఫలితాలూ కావు. నాలుగు రెప్లికేషన్లతో, ఐదు ట్రీట్‌మెంట్లతో, యాదృచ్ఛిక బ్లాకుల పద్ధతిలో రెండేళ్ళు జరిగిన ప్రయోగంగా దీన్ని భావించాలి.

| ట్రీట్‌మెంట్ (నత్రజని:భాస్వరం:పొటాష్, కిలోలు/హెక్టారు) | మొదటి ఏడు | రెండవ ఏడు | సగటు |
|---|---|---|---|
| ఎరువు లేకుండా | 912 | 868 | 890 |
| 20:10:10 | 1264 | 1188 | 1226 |
| 40:20:20 | 1618 | 1530 | 1574 |
| 60:30:30 | 1876 | 1744 | 1810 |
| పశువుల ఎరువు మాత్రమే | 1492 | 1436 | 1464 |
| ఎస్‌ఈఎం ± | 64.5 | 58.2 | – |
| సీడీ (5 శాతం) | 198.7 | 179.3 | – |
| సీవీ (శాతం) | 9.0 | 8.6 | – |

(గింజ దిగుబడి, కిలోలు/హెక్టారు)

పీడీఎఫ్ రెండు రకాలు

మొదట తేల్చుకోవలసింది పీడీఎఫ్‌లో అక్షరాలు ఉన్నాయా, లేక పుట ఫోటో మాత్రమే ఉందా అన్నది. పట్టికలోని ఒక అంకెను మౌస్‌తో ఎంచుకోగలిగితే అక్షరాలు ఉన్నట్టే. అలాంటి పత్రానికి చేతితో టైపు చేయడం గానీ, చూపినంత మేరా కాపీ చేసి అతికించడం గానీ మంచిది కాదు. కాపీ చేసినప్పుడు ఖాళీ గడులు మాయమై, వాటి కుడివైపున ఉన్న అంకెలు ఒక గడి ఎడమకు జరుగుతాయి. అప్పుడు రెండవ ఏటి దిగుబడి మొదటి ఏటి కింద చేరుతుంది, చూడటానికి మాత్రం అంతా సక్రమంగానే కనిపిస్తుంది. పుటలోని స్థానాలను యథాతథంగా ఉంచే ఆదేశం ఉపయోగిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది:

```
pdftotext -layout -f 4 -l 4 P017.pdf P017_p4.txt
```

ఇక్కడ P017 అన్నది సంకలనంలో ఆ పత్రానికి ఇచ్చిన సంఖ్య, 4 అన్నది పట్టిక ఉన్న పుట. ఫైలు పేరులోనే పుట సంఖ్య ఉంటే ఆరు నెలల తరువాత ఒక అంకె మీద అనుమానం వచ్చినప్పుడు వెతుకులాట ఉండదు.

పాత సంచికలు ఎక్కువగా స్కాన్ చేసిన ఫోటోలే. వాటిని ముందు స్పష్టమైన చిత్రంగా మార్చి, తరువాత అక్షర గుర్తింపు చేయించాలి:

```
pdftoppm -r 400 -gray -png -f 4 -singlefile P017.pdf P017_p4
tesseract P017_p4.png P017_p4 --psm 6
```

అక్షర గుర్తింపులో 6 కు 8, 1 కి 7, 3 కి 8 పడటం సాధారణం. దశాంశ బిందువు పోవడం అంతకంటే ప్రమాదకరం. మరొక చిక్కు సగటుల పక్కన పైకెత్తి ముద్రించే అక్షరాల వల్ల వస్తుంది. డంకన్ పరీక్ష ప్రకారం 1618 పక్కన ఒక చిన్న బి అక్షరం ఉంటే యంత్రం దాన్ని 6 గా చదివి 16186 అని రాయగలదు. అంకెలు తప్ప మరేదీ గుర్తించవద్దని యంత్రానికి ఆంక్ష పెడితే ఈ తప్పు తగ్గదు, పెరుగుతుంది. అక్షరంగా మిగిలి ఉంటే కనిపించే చిహ్నం కూడా అప్పుడు అంకె వేషం వేసుకుంటుంది.

అక్షరాలున్న పీడీఎఫ్‌లన్నీ నమ్మదగినవనీ అనుకోరాదు. కొన్నింటిలో తెర మీద కనిపించే అక్షరానికీ లోపల నమోదైన సంకేతానికీ పొంతన ఉండదు. యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చిన తెలుగు వ్యాసాలను కాపీ చేసిన ప్రతివారికీ ఇది అనుభవమే. అందువల్ల ఏ రకం పీడీఎఫ్ అయినా తుది ప్రమాణం తెర మీద కనిపించే పుటే; దాని నుంచి వెలికితీసిన పాఠం కాదు.

స్ప్రెడ్‌షీట్ చేసే సవరణలు

అంకె సరిగ్గా చదివినా, గడిలో పడేటప్పుడు మారిపోయే అవకాశం ఉంది. ఎరువుల మోతాదు దీనికి చక్కని ఉదాహరణ. 40:20:20 అని టైపు చేయగానే ఎక్సెల్ దాన్ని 40 గంటల 20 నిమిషాల 20 సెకన్లుగా తీసుకుని, లోపల 1.680787 అన్న సంఖ్యగా దాచుకుంటుంది. తెర మీద 40:20:20 గానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ ఫైలును విశ్లేషణ ప్రోగ్రాంలోకి పంపినప్పుడు మాత్రం మోతాదు స్థానంలో అర్థంలేని దశాంశం ప్రత్యక్షమవుతుంది. మొక్కల మధ్య ఎడాన్ని 30-10 అని రాస్తే, తేదీ ముందు, నెల తరువాత ఉండే భారతీయ అమరికలో అది అక్టోబరు 30 అవుతుంది.

దీనికి నివారణ సులభం. అతికించే ముందే గడులన్నింటినీ టెక్స్ట్ రూపానికి మార్చాలి. ముద్రితంలో ఎలా ఉందో అలాగే, అక్షరాలతో, చిహ్నాలతో సహా ఒక షీటులో ఉంచి దానిని ఇక తాకరాదు. లెక్కలకు కావలసిన సంఖ్యలను వేరొక షీటులో సూత్రం ద్వారా తీసుకోవాలి:

```
=VALUE(SUBSTITUTE(TRIM(raw!F2),"−","-"))
```

సూత్రంలోని మొదటి గీత ముద్రణలో వాడే పొడవైన ఋణ చిహ్నం, రెండవది కీబోర్డు మీది చిన్న గీత. 1618b వంటి గడి దగ్గర ఈ సూత్రం దోషం చూపి ఆగిపోతుంది. అలా ఆగడమే మేలు, ఎందుకంటే అక్కడ మనిషి పుట తెరిచి చూస్తాడు. మోతాదును మాత్రం మూడు గడులుగా, నత్రజని, భాస్వరం, పొటాష్ విడివిడిగా నమోదు చేయాలి.

ఒక్కొక్క సంఖ్యకు ఒక వరుస ఉండాలి. పత్రం సంఖ్య, పుట, పట్టిక, ట్రీట్‌మెంట్, సంవత్సరం, ముద్రిత విలువ, ముద్రిత ప్రమాణం అన్నవి ఆ వరుసలోని గడులు. క్వింటాళ్ళను కిలోలుగా మార్చడం కూడా ఎత్తిరాసేటప్పుడు మనసులో చేయరాదు, తరువాత సూత్రంతో చేయాలి.

పట్టిక తనను తాను సరిచూసుకునే విధానం

వ్యవసాయ పత్రాల పట్టికలకు ఒక సౌలభ్యం ఉంది. దిగుబడి సగటులతో పాటు ఎస్‌ఈఎం, సీడీ, సీవీ కూడా ఇవ్వడం మన పత్రికల ఆనవాయితీ. ఇవి వేర్వేరు అంకెలుగా కనిపించినా ఒకే దోష వర్గ సగటు నుంచి పుట్టినవి కాబట్టి ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఈ సంబంధాలు విద్యార్థులకు తెలిసినవే అయినా, ఎత్తిరాతను తనిఖీ చేసే సాధనాలుగా వాటిని వాడటం తక్కువ.

మొదటి పరీక్ష సగటులది. ఉదాహరణలో 40:20:20 మొదటి ఏటి విలువ 1618 కు బదులు 1818 అని పడిందనుకుందాం. రెండేళ్ళ సగటు (1818 + 1530) ÷ 2 = 1674 అవుతుంది; ముద్రితంలో 1574 ఉంది. తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. దొరకకపోతే నష్టం ఎంత? ఎరువు లేని మడితో పోలిస్తే అసలు పెరుగుదల 77 శాతం. తప్పు అంకెతో అది 99 శాతం. 40:20:20 మోతాదు దిగుబడిని దాదాపు రెట్టింపు చేస్తుందని విస్తరణ సిబ్బంది గిరిజన రైతుకు చెప్పే పరిస్థితి వస్తుంది.

రెండవ పరీక్ష సీవీది. ఎస్‌ఈఎంను రెప్లికేషన్ల సంఖ్య వర్గమూలంతో గుణించి, సగటు దిగుబడితో భాగించి, నూటితో గుణిస్తే సీవీ రావాలి. మొదటి ఏటికి ఐదు ట్రీట్‌మెంట్ల సగటు 1432.4. కాబట్టి 64.5 × 2 ÷ 1432.4 × 100 = 9.0, ముద్రితంతో సరిపోయింది. 1818 తప్పు పడితే సగటు 1472.4 కు పెరిగి సీవీ 8.8 అవుతుంది. రెండేళ్ళ సగటు గడి లేని పట్టికలో కూడా తప్పు ఇలా బయటపడుతుంది. ఒక ట్రీట్‌మెంట్ వరుస పూర్తిగా జారిపోయినా సగటు మారుతుంది కాబట్టి ఈ పరీక్ష చాలాసార్లు పట్టుకుంటుంది.

మూడవది సీడీకీ ఎస్‌ఈఎంకీ గల నిష్పత్తి. మూడింటిలో ఎక్కువ ఉపయోగపడేది ఇదే. సీడీ అంటే ఎస్‌ఈఎం × √2 × టీ విలువ. ఈ ప్రయోగంలో దోష స్వేచ్ఛాంశాలు (5 – 1) × (4 – 1) = 12, వాటికి టీ విలువ 2.179, కాబట్టి నిష్పత్తి 3.08 ఉండాలి. 198.7 ÷ 64.5 = 3.08. రెండవ ఏటికి 179.3 ÷ 58.2 కూడా 3.08. దశాంశ బిందువు పోయి 64.5 కాస్తా 645 అయితే నిష్పత్తి 0.31 కు పడిపోతుంది, అప్పుడు కన్ను తప్పించుకోవడం అసాధ్యం. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి ఏటి దిగుబడులు C3 నుంచి C7 వరకు, ఎస్‌ఈఎం C8 లో, సీడీ C9 లో ఉంటే ఈ రెండు సూత్రాలు చాలు:

```
=100*C8*SQRT(4)/AVERAGE(C3:C7)
=C9/(C8*SQRT(2)*T.INV.2T(0.05,12))
```

మొదటిది ముద్రిత సీవీకి, రెండవది 1 కి దగ్గరగా రావాలి. ఎంత దగ్గరగా అన్నది ముద్రణలో ఎన్ని అంకెలకు కుదించారన్న దాని మీద ఆధారపడుతుంది. క్వింటాళ్ళలో ఇచ్చిన పట్టికలో ఎస్‌ఈఎం 0.6 అని మాత్రమే ఉంటే అసలు విలువ 0.55 నుంచి 0.65 వరకు ఏదైనా కావచ్చు. అక్కడ 8 శాతం తేడా వచ్చినా తప్పు ఉందని నిర్ధారించలేము. 64.5 అని మూడంకెలు ఉన్నచోట మాత్రం ఒక శాతం తేడా కూడా పుటను మళ్ళీ తెరవడానికి తగిన కారణమే.

స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాల్లో ప్రధాన మడికి ఒక ఎస్‌ఈఎం, ఉపమడికి మరొకటి ఉంటాయి. స్వేచ్ఛాంశాలు వేరు కాబట్టి నిష్పత్తిని కూడా విడివిడిగానే చూడాలి. రెండేళ్ళను కలిపి చేసిన విశ్లేషణకూ ఈ 12 స్వేచ్ఛాంశాలు వర్తించవు. సీడీ స్థానంలో తేడా లేదని సూచించే ఎన్ఎస్ ఉంటే ఆ గడిలో సున్నా వేయరాదు, ఖాళీగానూ వదలరాదు. NS అనే టెక్స్ట్‌గానే ఉంచి ఎస్‌ఈఎం మీద ఆధారపడాలి.

పేరు ఒకటి, విలువ మరొకటి

నిష్పత్తి పరీక్ష ఎత్తిరాత తప్పులనే కాక, అంకె సరైనదై ఉండి అర్థం తప్పుగా తీసుకున్న సందర్భాలనూ పట్టుకుంటుంది. కొన్ని పత్రికలు ఎస్‌ఈఎంకు బదులు రెండు సగటుల తేడాకు సంబంధించిన ప్రామాణిక దోషాన్ని, అంటే ఎస్‌ఈడీని ముద్రిస్తాయి. కొన్ని పట్టికల్లో ఎస్‌ఈ ± అని మాత్రమే ఉంటుంది, ఏదో చెప్పరు. ఎస్‌ఈడీ ఎప్పుడూ ఎస్‌ఈఎంకు 1.414 రెట్లు. పై ఉదాహరణలో 64.5 స్థానంలో 91.2 ఉండి, సీడీ 198.7 గానే ఉంటే నిష్పత్తి 2.18 వస్తుంది. అది టీ విలువే. కాబట్టి నిష్పత్తి 2 ను కాస్త దాటి ఉంటే అక్కడున్నది ఎస్‌ఈడీ అనీ, 2.8 కి పైన ఉంటే ఎస్‌ఈఎం అనీ గుర్తించవచ్చు. స్వేచ్ఛాంశాలు మరీ తక్కువైతే రెండూ పెరుగుతాయి. 6 స్వేచ్ఛాంశాలకు ఎస్‌ఈడీ నిష్పత్తి 2.45, ఎస్‌ఈఎం నిష్పత్తి 3.46. కాబట్టి ముందుగా స్వేచ్ఛాంశాలు లెక్కించి అప్పుడే తేల్చాలి.

ఈ పొరపాటు మెటా విశ్లేషణలో ఏం చేస్తుందో చూద్దాం. ఎరువు వేసిన, వేయని మడుల దిగుబడుల నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసుకోవడం సాధారణ పద్ధతి. 1618, 912 లకు అది 0.573. దాని విస్తృతి, ఎస్‌ఈఎం వర్గాన్ని ఒక్కొక్క సగటు వర్గంతో భాగించి కూడితే వచ్చే 0.0066. విశ్లేషణలో ఈ ప్రయోగం తూకం దీని విలోమం, అంటే దాదాపు 152. ఎస్‌ఈడీని ఎస్‌ఈఎంగా భ్రమిస్తే విస్తృతి రెట్టింపై తూకం 76 కు తగ్గుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు ఇంకా తీవ్రమైనది. ఎస్‌ఈఎంను ప్రామాణిక విచలనంగా నమోదు చేస్తే ప్రోగ్రాం దాన్ని మళ్ళీ నాలుగు రెప్లికేషన్ల వర్గమూలంతో భాగిస్తుంది, తూకం నాలుగింతలై 600 దాటుతుంది. అప్పుడు ఒక్క పత్రమే మిగిలిన పత్రాలన్నింటినీ తొక్కిపెట్టి సమష్టి ఫలితాన్ని తనవైపు లాక్కుంటుంది. దిగుబడి అంకెలన్నీ అక్షరాలా సరిగ్గా ఉన్నా ఇది జరుగుతుంది కాబట్టి, ఎన్నిసార్లు పుటతో పోల్చి చదివినా కనబడదు.

ఇద్దరు వేర్వేరుగా

పై పరీక్షలు పట్టుకోలేని తప్పులూ ఉన్నాయి. 60:30:30 మొదటి ఏటి విలువ 1876 కు బదులు 1870 అని పడితే సీవీ 9.0 గానే ఉంటుంది. సగటు గడి ఉంటే 1807 కు 1810 కు తేడా కనిపిస్తుంది. లేకపోతే అది దాటిపోతుంది. మొదటి, రెండవ ట్రీట్‌మెంట్ల విలువలు తారుమారైతే నిలువు సగటు ఏమాత్రం మారదు. ఇక్కడ రెండవ మనిషి అవసరం. వైద్యరంగ సమీక్షలకు కొక్రేన్ సంస్థ మార్గదర్శకాలు కూడా ఫలితాల అంకెలను ఇద్దరు స్వతంత్రంగా సేకరించాలని సూచిస్తాయి.

స్వతంత్రంగా అన్నదే ఇందులో కీలకం. ఒకరు యంత్రం చదివిన పాఠం నుంచి నింపి, రెండవవారు అదే పాఠాన్ని చూసి నింపితే యంత్రం చేసిన తప్పు ఇద్దరి దగ్గరా ఒకేలా ఉంటుంది, పోలికలో తేడా రాదు. ఒకరు వెలికితీసిన పాఠం నుంచీ, రెండవవారు పుట చిత్రాన్ని చూస్తూ చేతితోనూ నింపడం మేలు. మొదటివారు నింపిన షీటును రెండవవారు "చూసి సరే" అనడం తనిఖీ కిందికి రాదు. ఎదుట ఉన్న అంకెనే కన్ను చదువుకుంటుంది. రెండు షీట్లనూ పత్రం, పుట, ట్రీట్‌మెంట్, సంవత్సరం కలిపిన గుర్తు ప్రకారం వరుసలో పెట్టి, ముందుగా గుర్తులనే పోల్చాలి. ఆ తరువాత విలువలను పోల్చాలి:

```
=IF(EXACT(TRIM(A!F2),TRIM(B!F2)),0,1)
```

1 వచ్చిన ప్రతి గడికీ ఇద్దరూ కలిసి పుట తెరిచి చూడాలి. ఇద్దరిలో ఎవరి అంకె సరైనదో ఊహించి దిద్దడం, లేదా రెండింటి సగటు తీసుకోవడం పనికిరాదు. ఏ గడిలో ఎవరి తప్పు దొరికిందో ఒక జాబితా ఉంచితే, ఒకే పత్రంలో తప్పులు గుమిగూడిన సంగతి తెలుస్తుంది. అలాంటి పత్రం స్కాన్ నాణ్యత చెడ్డదని భావించి మరింత స్పష్టమైన ప్రతిని గ్రంథాలయం నుంచి తెప్పించుకోవాలి.

తప్పు మూల పత్రంలోనే ఉన్నప్పుడు

ఇద్దరి అంకెలూ కలిసి, పుటతోనూ సరిపోయి, అయినా సగటు గానీ నిష్పత్తి గానీ కుదరకపోతే దోషం ముద్రణలోనే ఉందని అర్థం. అప్పుడు కలిగే మొదటి ప్రలోభం అంకెను దిద్దడం. 1818 ని 1618 చేస్తే సగటు కుదురుతుంది కదా అనిపిస్తుంది. కానీ సగటులోనే తప్పు ఉండవచ్చు, రెండవ ఏటి విలువలోనూ ఉండవచ్చు. ముద్రిత విలువను ముద్రితంగానే ఉంచి, పక్క గడిలో ఏ పరీక్ష ఎంత తేడాతో తప్పిందో రాయాలి. అదే దిగుబడి పత్రం సారాంశంలోనూ, ఫలితాల చర్చలోనూ సాధారణంగా మరోసారి వస్తుంది. ముద్రణ దోషాల్లో కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే పత్రంలో ఇచ్చిన చిరునామాకు రాసి అడగాలి.

సమాధానం రాని పత్రాన్ని పూర్తిగా తొలగించవలసిన పని లేదు. విశ్లేషణను ఆ పత్రంతో ఒకసారి, అది లేకుండా మరొకసారి చేసి, రెండు ఫలితాలనూ ఇవ్వాలి. 40:20:20 మోతాదుకు వచ్చే పెరుగుదల రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే అయితే ఆ సందేహం సిఫారసును తాకలేదు. గణనీయంగా మారితే, సంశయంలో ఉన్న అంకె ఏ పత్రంలో, ఏ పుటలో, ఏ పట్టికలో, ఏ వరుసలో ఉందో ఫలితాల పట్టిక కిందనే పేర్కొనాలి.